దండ్ కాదు, దండం

రెండు అగ్గిపుల్లలు విరిగాక గానీ మూడోది అంటుకోలేదు. వానాకాలం వస్తే సూరత్‌లో అగ్గిపెట్టె కూడా చెమ్మ పట్టి మొరాయిస్తుంది. "నీకేమొచ్చిందే పొద్దుగాల్నే!" అని దాన్ని కసిరి, బుచ్చవ్వ వెలిగిన పుల్లను అరచేయి చాటున పట్టుకుని ప్రమిదలో ఒత్తికి అంటించింది. నిన్న సాయంత్రం నుంచి నూనెలో నానిన ఒత్తి. చిటపటమని ఓసారి గునిసి వెలిగింది.

ఆమె ఉండే గది బమ్రోలిలో ఒక మగ్గాల కార్ఖానా మీద ఉంది. కింద మగ్గాలు పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి. అందుకే దేవుడి ముందు పెట్టిన చెంబులో నీళ్లు ఎప్పుడూ సన్నగా వణుకుతుంటాయి. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో, అది దేవుడే కదిలిస్తున్నాడనుకుని బిత్తరపోయింది. కింద మిషన్లమ్మా అని పెనిమిటి చెబితే సిగ్గుపడి ఆ పూటంతా అతని మొహం చూడలేదు.

నల్లా రాగానే మొదటి చెంబు ఎవరూ ముట్టకముందే పక్కన పెట్టాలి. ఇప్పుడు ముట్టడానికి ఎవరున్నారు గనక? అయినా పెడుతుంది. తలమీంచి నీళ్లు పోసుకుని, గడప తుడిచి, గోడకున్న చెక్క అర తుడిచి, రాజన్న పటానికీ మార్కండేయుడి పటానికీ బొట్టు పెడుతుంది. దీపం, ఊదుబత్తి, చిన్న గిన్నెలో చిటికెడు చక్కెర. అంతే. మంత్రాలు ఆమెకు రావు. పేర్లు వచ్చు. చేతులు జోడించి ఒక్కొక్క పేరూ అనుకుంటుంది. ముందు పరుశురాం. పెనిమిటి బతికున్నన్నాళ్లూ నలుగురిలో ఎన్నడూ పలకని పేరు, దేవుడి ముందు మాత్రం పెదవుల లోపల పలికేది. తర్వాత కొడుకు సురేశ్. కోడలు తిరుమల. చివర మనవరాలు సంధ్య. తన పేరు ఎప్పుడూ కలపలేదు. తనకు తాను మొక్కుకోవడమేమిటి, నవ్విపోతారు.

చక్కెర ఒకప్పుడు సంధ్య అరచేతిలో పడేది. ఇప్పుడు తనే నోట్లో వేసుకుంది. ఒంటరిగా తింటే చక్కెర కూడా అంత తియ్యగా ఉండదు.

సంధ్య చిన్నప్పుడు తల్లీతండ్రీ ఇద్దరూ పనికి పోతే, బుచ్చవ్వ చంకలోనే పెరిగింది. బడి గుజరాతీలో, ఆట హిందీలో, ఇంట్లో మాత్రం తెలుగు. "ఏం చేస్తున్నవ్ బాపమ్మా?" అని అడిగితే "దేవునికి దండం పెడుతున్న బిడ్డా" అనేది బుచ్చవ్వ. పిల్ల చెవికి అది దండ్‌లా వినిపించింది. బట్టలో తప్పు పడితే సేఠ్ కూలీలోంచి కోసుకునే జరిమానాను ఇక్కడ దండ్ అంటారు. సురేశ్ ఇంటికొచ్చి "ఇయ్యాల దండ్ పడ్డది" అంటుంటే పిల్ల రోజూ వినేదే. ఒకనాడు వచ్చి గడ్డం పట్టుకుని, "నువ్వు ఏం తప్పు చేసినవ్ బాపమ్మా? రోజూ దండ్ ఎందుకు కడతవ్?" అని అడిగింది. ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. చాలా ఏళ్లు ఆ మాట చెప్పుకుని నవ్వారు.

పోయినేడు సురేశ్‌కు కామెర్లు ముదిరి ప్రాణం మీదికొచ్చింది. బుచ్చవ్వ తల నేలకు ఆనించి మొక్కింది. కొడుకు దక్కలేదు. కర్మకాండ ముగిసి, మైల తీరిన మర్నాడు ఆమె మళ్లీ ప్రమిద ముందు నిలబడింది. అది చూసి సంధ్య మొహం ఎర్రబడింది.

"ఇంతకాలం కట్టినవ్ గదా దండ్! అయినా పప్పాని తీస్కపోయిండు. ఇంకెంత బాకీ ఉన్నవ్ బాపమ్మా? ఎవడు వాడు? ఎట్లుంటడు? చెప్పు!"

బుచ్చవ్వ ప్రమిదలో నూనె పోసింది. ఎట్లుంటాడో ఆమెకేం తెలుసు? ఆ నెలలోనే సంధ్య సూరత్ అవతల కామ్‌రేజ్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు పనికి చేరి, హాస్టల్‌కు వెళ్లిపోయింది. తిరుమల జోల్వాలో తన తమ్ముడి మగ్గాల దగ్గర పనికి కుదిరి అక్కడే ఉంటోంది. బుచ్చవ్వ ఫోన్ చేస్తే సంధ్య "తిన్నవా? ఠీక్ హై" అని ఊరుకునేది. దేవుడి మాట రాగానే ఫోన్ కట్. ఆ పిల్ల తనతో మళ్లీ మనసు విప్పి మాట్లాడకుండానే తన పొద్దు గూకుతుందేమోనని బుచ్చవ్వకు లోపల గుబులు. కాగితాన్నయితే మధ్యలో కట్ చేయలేదు గదా! అందుకే ఈ శనివారం ఉత్తరం రాయాలని నిశ్చయించుకుంది.

సోమలింగం పొద్దున్నే టెంపోలో చీరల మూట తెచ్చి దించాడు. మిషన్ మీద పూలు కుట్టిన చీరలవి. వెనక వైపు వేలాడే దారాలు ఒక్కొక్కటీ కత్తిరించి ఇవ్వాలి. బుచ్చవ్వ బతుకుతెరువు అదే.

"పెద్దమ్మా, మాపటికల్ల అయితయా? కామ్‌రేజ్‌ల దుకాణపోడు పానం తీస్తుండు."

"అయితయ్ గని, జర నా పని ఒకటి చెయ్ సోమలింగం. పగటాల్ల ఓ కాయితం ఇస్త. మా సంధ్య చేతుల పెట్టు."

"దానికేం బాగ్యం! అయితే పెద్దమ్మా, సంధ్యకు తెలుగు చదవొస్తదా?"

కత్తెర ఆగింది. ఆ సంగతి బుచ్చవ్వకు తట్టనేలేదు. ఆమెకు వచ్చింది తెలుగు అక్షరాలే, అవీ చిన్నప్పటి బళ్లో నేర్చినవి. పిల్లకు వచ్చింది గుజరాతీ. దిగాలుగా రెండు దారాలు కత్తిరించింది. తర్వాత ఆమె మొహంలో దొంగనవ్వు ఒకటి పాకింది. రాదు గనకనే మంచిది! చదివించుకోవడానికైనా నా దగ్గరికి రావాలి గదా, అనుకుంది. ముసలిదానికి ఈ మాత్రం జిత్తులుంటాయి మరి.

చీరలు పక్కకు జరిపి, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసింది. వేళ్లకు కత్తెర అలవాటే గానీ కలం అలవాటు లేదు. రాస్తున్న ప్రతి మాటనూ పెదవులతో పలుకుతూ రాసింది.

"బిడ్డా సంధ్యా, బాపమ్మ రాసేది. దేవుడు ఎవరని అడిగినవు. నాకు తెల్వది. ఎట్లుంటడో, ఏడుంటడో తెల్వది. తెలిసినట్టు చెప్తే అబద్దమైతది.

పెండ్లయి వచ్చినప్పుడు బుగులుతోటి మొక్కిన. మీ తాత రాత్రిపాళి మగ్గం నడిపేటోడు. చెయ్యి దాంట్ల పడకుంట ఇంటికి రావాలె అని మొక్కేది. వచ్చేటోడు. దేవుడు ఇన్నడనుకున్న. మొదటి దినం ఒత్తికి కార్ఖానల పారేసిన రద్దు దారం పెట్టిన. మన ఊళ్లె నూలు దారం కాలేది. ఇక్కడిది కాలక ముడుసుకపోయి జిడ్డోలె కరిగింది, ఇల్లంత పొగ. ఇది పాలిస్టర్, ఒత్తికి పనికిరాదు అని మీ తాత నవ్విండు. తన నూలు తువ్వాల చింపి ఇచ్చిండు. అప్పటిసంది మన ఇంట్ల ఒత్తి తువ్వాలదే. ఇప్పుడు కాల్చేది మీ బాపు తువ్వాల.

మీ బాపు కోసం అడిగిన. ఇయ్యలేదు. నాకు కోపం రాలేదనుకుంటున్నవా? నువ్వు పోయినంక ఒకనాడు దీపం పెట్టలే. మొకం గోడకు తిప్పి కూసున్న. ఆ దినం కూరల రెండుసార్లు ఉప్పేసిన, నల్లా కాడ వజ్రమ్మను ఉత్తగ తిట్టిన. మాపటికి ఎరుకైంది, నేను ఎవరి మీద కోపం చేస్తున్న? కోపానికన్న ఎదురుంగ ఒకరు ఉండాలె గద. తెల్లారి మల్ల దీపం పెట్టి, తిట్టాల్సినయన్ని ఆడనే తిట్టిన. పానం అల్కగైంది.

నేను ఇప్పుడు ఏం అడుగుత లేను బిడ్డా. మీ పేర్లు చెప్త. మీ బాపు పేరు ఇడ్సిపెడ్దామనుకున్న, పోయినోని పేరు ఎందుకని. నాలిక ఊకోలే. ఈ ఇంట్ల ఆ పేరు పిలిచే జాగ అదొక్కటే మిగిలింది. పొద్దుగాల మీ అందర్ని పిలిస్తెనే నాకు ఇల్లు ఇల్లోలె ఉంటది. లేకుంటే మిషన్ల సప్పుడే.

మాపటికి రేపటి ఒత్తి చేసి నూనెల పెట్టి పండుకుంట. రేపు లేస్తనని ఎవరు చెప్పిండ్రు నాకు? ఎవరు చెప్పలే. అయిన పెడుత. నాకు తెలిసిన దేవుడు గంతనే. అది దండ్ కాదు బిడ్డా, దండం."

మధ్యాహ్నం సోమలింగం వేరే సరుకుతో కామ్‌రేజ్‌కు పోతూ ఉత్తరం తీసుకుని వెళ్లాక ఆమె మళ్లీ కత్తెర పట్టింది. చేతులు పనిలో ఉన్నా చెవులు ఫోన్ మీదే ఉన్నాయి. ఎడమ భుజం ఉదయం నుంచే లాగుతోంది. కూర్చున్న తీరు వల్లనేమో అనుకుంది. చీకటి పడే వేళకు ఫోన్ మోగింది.

"బాపమ్మా, ఏంది రాసినవ్? ఇక్కడ ఎవ్వరికి తెలుగు రాదు. జిలేబీలెక్క గుండ్రం గుండ్రం ఉంది."

"రేపు ఆదివారమే గద. రా, చదివి ఇనిపిస్త."

ఫోన్ కట్ అవుతుందని బుచ్చవ్వ కళ్లు మూసుకుంది.

"చక్కెర ఉంచుతవా నాకు?" అంది సంధ్య.

"డబ్బ మొత్తం నీదే, రా నా బంగారం," అంది బుచ్చవ్వ. ఫోన్ పెట్టాక తనివితీరా ఏడ్చింది. ఏడాదిగా అంత హాయిగా ఏడవలేదు.

తర్వాత సురేశ్ తువ్వాల అంచు నుంచి ఒక పేలిక చింపి, తొడ మీద పెట్టి అరచేత్తో తోసి ఒత్తి పేనింది. ప్రమిద తుడిచి, నూనె పోసి, ఒత్తి కొస కొంచెం పైకి తేల్చి పెట్టింది. అగ్గిపెట్టె తడవకుండా చక్కెర డబ్బా మీద పెట్టి పడుకుంది.

తెల్లవారి నల్లా వచ్చింది. బుచ్చవ్వ బిందె కనబడకపోయేసరికి పక్కగది వజ్రమ్మ తలుపు తట్టింది. లోపల గొళ్లెం పెట్టే అలవాటు లేని తలుపు తోయగానే తెరుచుకుంది. బుచ్చవ్వ గోడ వైపు ఒత్తిగిలి, చెంప కింద చేయి పెట్టుకుని ఉంది. ఒళ్లు చల్లబడింది. కింద మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

సంధ్య మొదటి బస్సుకే బయల్దేరి వచ్చింది. చేతిలో ఉత్తరం. బాపమ్మ పక్కన కూర్చుని ఆమె చల్లటి చేయి పట్టుకుంది. వజ్రమ్మ కబురంపితే తిరుమల జోల్వా నుంచి దారిలో ఉంది. సోమలింగం వచ్చి, మాట తడబడుతూ, ఆ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. చివరి మాట దగ్గర అతను కళ్లు తుడుచుకోవడానికి ఆగితే, ఆ మాట సంధ్యే అంది. "దండం."

లేచి అర దగ్గరికి వెళ్లి అగ్గిపెట్టె తీసింది. వజ్రమ్మ చేయి పట్టుకుని ఆపింది.

"వద్దు బిడ్డా. మైల. దినాలయ్యేదాంక దేవునికి దీపం పెట్టద్దు."

సంధ్య అగ్గిపెట్టె ఉన్నచోటే పెట్టేసింది. వెలగని ప్రమిద ముందే చేతులు జోడించింది. పెదవులు కదిలాయి. పరుశురాం. సురేశ్. తిరుమల. అక్కడ ఆగి, బాపమ్మ తన కోసం ఏనాడూ చెప్పుకోని పేరు చెప్పింది. బుచ్చవ్వ.

ప్రమిదలో తువ్వాల ఒత్తి నూనెలో నిండా నాని ఉంది, పైకి తేలిన కొస మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.