ఒక్క పూస మిగల్లేదు

మా ఆయన వినోద్‌కు ఈ లోకంలో తెలియనివి చాలా ఉన్నాయి గాని, దుమ్ము గురించి మాత్రం ఆయన ముందు ఎవరూ నోరు విప్పకూడదు. మేం బతకొచ్చిన ఈ గుజరాతీ గడ్డ మీద, పల్సానా దగ్గర మగ్గాల కార్ఖానాలో ఆయనది సఫాయి పని. మగ్గాల కింద, మోటర్ల చుట్టూ పేరుకునే దారపు నూగును వ్యాక్యూమ్ మిషనుతో పీల్చేస్తాడు. "చీపురు పట్టినోడు దుమ్మును లేపుతడు, మిషను పట్టినోడు దుమ్మును మింగిస్తడు" అని ఆయన సొంత సామెత. పెళ్లయిన నాలుగేళ్లలో నేనిది నాలుగు వందల సార్లు విన్నాను. నేను చీపురు పట్టినప్పుడల్లా ఇంకోసారి.

ఆ ఆదివారం ఆ మిషను మా ఇంట్లోనే ఉంది. పాడైపోతే రిపేరుకు ఇచ్చారట, బాగై వచ్చింది. మర్నాడు కార్ఖానాకు తీసుకుపోవాలి. నవాగామ్‌లో మాది ఒక్క గది ఇల్లు. ఒక మూల పొయ్యి, ఒక మూల ఇనుప మంచం, మిగిలిన చోటంతా మా చాందినిది. దానికి తొమ్మిది నెలలు. పాకడం నేర్చి రెండు వారాలే అయింది. చంకనెక్కితే ఏడుపు, నేల మీద వదిలితే నవ్వు.

రెండు రోజులుగా దానికి జలుబు, దగ్గు. పొద్దున ఒళ్లు కాలుతుంటే, పై అంతస్తులో ఉండే బ్రహ్మచారి కాక దగ్గర థర్మామీటరు అడిగి తెచ్చాను. పేరుకే బ్రహ్మచారి, పెళ్లయినవాడే. కాక రైల్వే ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కట్లు కట్టి రిటైరయ్యాడు. బ్యాటరీతో నడిచే కొత్త థర్మామీటర్లంటే ఆయనకు చులకన. గాజుది, పాదరసంది, డబ్బీలో పెట్టి భద్రంగా దాచుకున్నాడు. ఇచ్చేటప్పుడు "జర పైలం బిడ్డా" అన్నాడు.

పైలంగానే ఉన్నాను, మధ్యాహ్నం దాకా. రెండోసారి చూద్దామని, పాదరసం కిందికి దిగడానికి గట్టిగా విదిలించాను. చెయ్యి మంచం కోడుకు తగిలింది. టిక్కుమని చిన్న చప్పుడు. బండల మీద వెండి పూసలు చెల్లాచెదురుగా దొర్లిపోయాయి. చాప మీద కూర్చున్న చాందిని వాటిని చూసి చప్పట్లు కొట్టింది.

గబుక్కున దాన్ని ఎత్తుకున్నాను. పాప గాజు ముక్క మింగుతుందేమోనని మొదటి భయం. కాకకు ఏం చెప్పాలని రెండో భయం. అసలు భయపడాల్సిన దాని గురించి మాత్రం నాకు భయమే పుట్టలేదు. చిన్నప్పుడు మా సైన్సు సారు పాదరసాన్ని అరచేతిలో దొర్లించి చూపించాడు. క్లాసంతా వంతులేసుకుని ముట్టుకున్నాం. ఆ లెక్కన అది ఆటవస్తువే కదా అనుకున్నాను.

చీపురు తీయబోతుంటే వినోద్ ఆపాడు.

"చీపురా? ఊడ్చినవంటే మంచం కిందికి పోతయ్, గోడ పొంట పోతయ్. పొల్ల పాకే జాగ ఇది. గాజుముక్క ఒక్కటి ఉన్నా పరేశానే. ఆగు, మిషనున్నది గదా."

గాజు ముక్కలు పెద్దవి చేత్తో ఏరాడు. ప్లగ్గు పెట్టాడు. బయట వాన దంచుతోందని కిటికీ మూసి ఉంది. పైన ఫ్యాను ఫుల్లులో తిరుగుతోంది. మిషను గొట్టం దగ్గరికి రాగానే పూసలు ఒక్కొక్కటే మాయమవుతుంటే చూడటానికి ముచ్చటేసింది. మిషను వెనక నుంచి వెచ్చటి గాలి వస్తోంది. ఆ గాలికి చాందిని నుదుటి మీది వెంట్రుకలు ఎగిరాయి. అది కిలకిలా నవ్వింది. రెండు రోజులుగా నవ్వని పిల్ల నవ్విందని, దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి ఆ గాలికి ఎదురుగా పట్టుకున్నాను. నేనే పట్టుకున్నాను, ఈ చేతులతోనే.

పది నిమిషాల్లో నేల అద్దంలా మెరిసింది. వినోద్ గొట్టం ఎత్తి, కార్ఖానాలో వాళ్ల మీద పెత్తనం చేసే మగ్గాల మాస్టరులా నడుము మీద చెయ్యి పెట్టుకుని "ఇగ చూస్కో" అన్నాడు.

పాపను చంకనేసుకుని తిట్లు తినడానికి పైకి పోయాను. కాక భార్య కొమురవ్వ చిన్నమ్మ బియ్యం ఏరుతోంది. కాక థర్మామీటరు కోసం చెయ్యి చాపాడు.

"పలిగింది కాకా. కొత్తది కొనిస్తం."

"పోతే పోనియ్, పాతది. పాదరసం ఎట్ల ఎత్తినవ్?"

ఆయన కోప్పడలేదన్న సంబరంలో గొప్పగా చెప్పాను. "మీ అల్లుడు మిషనుతోని పీల్చిండు కాకా. ఒక్క పూస మిగల్లేదు!"

కాక ముఖం మారిపోయింది. ముందు నా వంక చూశాడు, తర్వాత పాప వంక.

"అప్పుడు పొల్ల ఏడున్నది?"

చంకలో ఉన్న పాపను ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాను. అప్పుడూ ఇదే చంకలో ఉంది.

"చిన్నమ్మకియ్యి పొల్లను. నీ చీరె మార్చి రా, ఆ చీరెతోని మల్ల ఎత్తుకోకు" అంటూ కాక చెప్పులు కూడా వేసుకోకుండా దిగబోయి, ఆగి, మళ్లీ వేసుకుని దిగాడు. మా గదిలోకి వస్తూనే ఫ్యాను బంద్ చేశాడు, వానను లెక్కచేయకుండా కిటికీ బార్లా తెరిచాడు, వినోద్‌ను బయటికి రమ్మన్నాడు. వసారాలో నిలబెట్టి అడిగాడు.

"నీకు దుమ్ము తెలుసు. దుమ్ము సంచిల ఆగుతది. పాదరసం ఆగుతదా?"

"ఎందుకాగదు కాకా? లోపటికే పోయింది గద. నేను చూసిన."

"పోయింది. పోయి ఏమైంది? పూస పటపట పలిగి కండ్లకు కనపడనంత చూర్ణమైంది. లోపట మోటరు గరం. ఆ గరంకు ఆవిరి లేస్తది. నీ సంచి నూగును ఆపుతది, ఆవిరిని ఆపదు. మిషను ఎనుక నుంచి గాలి ఎటు కొట్టింది?"

ఆ గాలి ఎటు కొట్టిందో మా ఇద్దరికీ తెలుసు.

"చెంబుల నీళ్లు చెంబులనే ఉంటే ఎన్నొద్దులకు ఆరుతయ్? గవే నీళ్లు బండ మీద చిలకరిస్తే? గంతే ఇది. పూసలు పూసలుగ ఉన్నప్పుడు కిటికీ తీసి, రెండు అట్టముక్కలు పట్టుకుని ఒక్కటిగ దొబ్బి, సీసల ఏసి మూత పెడితే అయిపోతుండె. ఒక్క గ్రాము సుత లేదురా అది. ఇంతంత దానికి ఇంతంత పని. మీరు గదంత చల్లిండ్రు."

"మింగలేదు గదా కాకా పాప" అన్నాను, ఏదో ఒక దారి దొరుకుతుందని.

"మింగుడు కాదు బిడ్డా దీని కత. పీల్చుడు. వాసన రాదు, రంగు లేదు. నేల పొంటే ఉంటది." ఆ మాటకు నాకు కనిపించింది నేల కాదు, నేల మీద పాకే నా పిల్ల.

తర్వాత కాక తెరిచిన కిటికీకి గుడ్డ అడ్డం కట్టించి, గదంతా చీకటి చేయించి, టార్చిలైటును నేలకు ఆనించి అడ్డంగా కొట్టాడు. అద్దంలా మెరిసిన మా నేల మీద, బండల సందుల్లో, మంచం కోళ్ల దగ్గర, చాప అల్లికలో, ఆవగింజలో వందో వంతు చుక్కలు మిణుకుమిణుకుమన్నాయి. కొన్నింటిని అంటుకునే టేపుతో ఎత్తాడు, కొన్నింటిని చుక్కల మందు గొట్టంతో పీల్చి, నీళ్లు పోసిన సీసాలో వేశాడు. టార్చి ఎటు తిప్పితే అటు ఇంకొన్ని. గంట తర్వాత నడుము పట్టుకుని లేచి "కనపడేటియి ఇవి" అన్నాడు. చాప, మా బట్టలు, దుప్పటి మూటగట్టి మూతి బిగించాం. కొన్ని రోజులు కిటికీ తలుపులు తీసే ఉంచాలని, పిల్లను లోపల అడుగు పెట్టనీయొద్దని చెప్పాడు. మిషనును రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి వసారాలో పెట్టించాడు. "ఇది మల్ల తిప్పితే మల్ల కక్కుతది. ఇగ ఇది పని చేసే మిషను కాదు" అన్నాడు.

సాయంత్రం పాపను డాక్టరుకు చూపించాం. జరిగిందంతా విన్నాడు, పాప ఛాతీ మీద గొట్టం పెట్టి చూశాడు. ఇప్పటికైతే బాగానే ఉందన్నాడు. దగ్గు పెరిగినా, ఊపిరి వేగమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు.

"దగ్గు ముందు నుంచే ఉన్నది సార్. ఇది ఆ దగ్గో, ఈ దగ్గో ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

ఆయన మంచివాడు, అబద్ధం చెప్పలేదు. "దగ్గు వినగానే తెలియదమ్మా. కనిపెట్టి ఉండటమే" అన్నాడు.

కనిపెట్టి ఉండటం! ఏడుస్తుంటే పాలివ్వగలను, ఒళ్లు కాలితే తడిగుడ్డ వేయగలను. ఉత్తగా కూర్చుని ఊపిరిని చూస్తూ ఉండటం ఏ తల్లికీ ఎవరూ నేర్పలేదు. ఒళ్లు వెచ్చగా ఉందా చూడటానికి ఆ థర్మామీటరు కూడా లేదు. కాక గదిలో చిన్నమ్మ పక్కన పడుకున్నాం. చాందిని దగ్గినప్పుడల్లా అటు వినోద్, ఇటు నేను ఒకేసారి లేచి కూర్చున్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

తెల్లారి వినోద్ మూటగట్టిన మిషనును భుజానికెత్తుకున్నాడు. "మాస్టరుకు చెప్త. విషం పట్టిందని చెప్త. తిప్పొద్దని చెప్త" అన్నాడు. కార్ఖానాలో ఆయన మాట వినేది మిషను ఒక్కటేనని నాకు తెలుసు. అయినా తలూపాను.

సాయంత్రం ఐదింటికి, నేను పైన వసారాలో కూర్చుని ఉన్నాను. వాన కాస్త తెరపిచ్చింది. చాందిని నా ఒడిలోంచి జారి, కొమురవ్వ చిన్నమ్మ పరిచిన కొత్త బొంత మీద పాకుతోంది. మెట్ల మీద వినోద్ అడుగుల చప్పుడు వినగానే తల ఎత్తింది.

ఆయన పై మెట్టు ఎక్కి ఆగిపోయాడు. జుట్టంతా నూగు. కనుబొమల మీద నూగు. చొక్కా మీద నూగు తెల్లగా పట్టి ఉంది.

"చెప్పినవా?"

"చెప్పిన. హిందీల చెప్పిన, వచ్చినకాడికి గుజరాతీల చెప్పిన. విషముంటే మిషను నడుస్తదా, పిచ్చోడా అని నవ్విండు. మూట ఇప్పిండు, ప్లగ్గు పెట్టిండు. చూడు, మస్తు నడుస్తున్నది అన్నడు." వినోద్ తన అరచేతుల వంక చూసుకున్నాడు. "బంద్ చేయబోతే చెయ్యి పట్టి లాగేసిండు. నా చేతికే గొట్టమిచ్చి, నాలుగు మగ్గాల లైన్లు కొట్టు అన్నడు. నేను పారేసి పక్కకు జరిగిన. ఇంకోడు అందుకున్నడు. పొద్దంత తిరిగింది, కరుణా. పొద్దంత."

నాలుగేళ్లుగా వింటున్న ఆయన సామెత నాకు గుర్తొచ్చింది. ఎత్తిపొడవాలనిపించలేదు. ఆ మనిషిని చూస్తే జాలేసింది.

అంతలో చాందిని "బా" అని అరిచింది. రెండు చేతులూ టపటపా నేలకేసి కొడుతూ తండ్రి వైపు పాకింది. అలవాటు కొద్దీ వినోద్ వంగి చేతులు చాపాడు.

"ముట్టకు!" అని అరిచాను.

ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి. నేను ఉరికి పిల్లను వెనక నుంచి పట్టి ఎత్తుకున్నాను. అది నా పట్టులో కాళ్లు తన్నుకుంటూ, తండ్రి వైపు వేళ్లు చాపి ఏడ్చింది. ఆయన ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగి, వాకిట్లో మళ్లీ మొదలైన వానలోకి పోయి నిలబడ్డాడు. జుట్టు రుద్దుకున్నాడు, ముఖం రుద్దుకున్నాడు, చొక్కా విప్పి పక్కన పడేశాడు. తల పైకెత్తి, పోయిందా అన్నట్టు నా వైపు చూశాడు.

పోయిందో లేదో నాకేం తెలుసు? అది కనపడితే కదా.

ఏడ్చి ఏడ్చి చాందిని దగ్గింది. వానలో నిలబడ్డ ఆయన, పైన నిలబడ్డ నేను, ఇద్దరం ఊపిరి బిగబట్టి రెండో దగ్గు కోసం విన్నాం.