చుక్కకు జవాబు

నీళ్ళ సరఫరా మీద జనం పంపే ఫిర్యాదులకు చాట్‌లో జవాబులివ్వడం నా ఉద్యోగం. రోజుకు పదైనా వస్తాయి, ఒట్టి అక్షరంతోనో ప్రశ్న గుర్తుతోనో. కొత్తగా చేరినవాళ్ళు వాటికి కథలల్లేస్తారు. "ప" అని వచ్చిందని పైపు పగిలిందనుకుని మనిషిని పరుగెత్తించిన మహానుభావుడు కూడా మా దగ్గరున్నాడు. జేబులో ఫోను నొక్కుకుపోయి ఉండొచ్చు. సగంలో పంపేసి ఉండొచ్చు. అవతల అసలు మనిషి ఉన్నాడా అని చూస్తూ ఉండొచ్చు. మనకు తెలియదు, ఆ మాట ఒప్పుకోవాలి. "మీ నుంచి ఈ గుర్తొక్కటే వచ్చింది, ఏం కావాలో చెప్పండి" అని వెటకారం లేకుండా అడగాలి. రాయడం కష్టమైనవాళ్ళకు ఒక్క నొక్కుతో జవాబిచ్చే వీలు చూపించాలి. తర్వాత నోరు మూసుకుని ఆగాలి. పదకొండేళ్ళుగా నేను అందరికీ నేర్పేది ఇదే.

ఇంత తెలిసిన నేనే, మా అన్నయ్య పంపే చుక్కలకు నాలుగు నెలలపాటు పూలబొమ్మలు పంపాను.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసేవాడు. కండరాల జబ్బు ముందు కాళ్ళు లాక్కుంది, తర్వాత చేతులు, ఆపైన మాట. రెప్పలు కూడా వాలిపోయి, ఆర్పుతున్నాడో అలసిపోయాడో ఎవరికీ అంతుపట్టదు. చెవులకు, బుర్రకు ఏమీ కాలేదు. మిగిలింది కుడిచేతి చూపుడువేలు, అదీ గోరంత దూరం కదులుతుంది. వదిన దాని కింద ఫోను బిగించింది. కీబోర్డులో చుక్క, పంపే మీట పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ రెండే అందుతాయి.

రోజూ మా ఇంటివాళ్ళ వాట్సాప్ గుంపులోకి ఒక చుక్క వచ్చేది. "కళ్ళలో చుక్కలమందు వేయమంటున్నారు" అనేది వదిన. "బావగారికి చుక్క పడాలేమో" అనేవాడు మా ఆయన, ఆయనకు ప్రతిదీ నవ్వులాటే. ఒకరు దండం పెట్టేవారు, ఒకరు "త్వరలో లేచి తిరుగుతావు" అని రాసేవారు. మర్నాడు మళ్ళీ చుక్క.

వేలు కూడా ఇంకొన్ని వారాలే అని డాక్టరు చెప్పాడు. అప్పుడు నాకు చెంప మీద కొట్టినట్టయింది. వాడు ఏదో చెబుతున్నాడు, మేము మా కబుర్లు చెప్పుకుంటున్నాం. వేలు ఆగేలోగా అదేదో తెలుసుకోవాలి.

ఆదివారం మధ్యాహ్నం మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను.

"అన్నయ్యా, నువ్వు పంపే చుక్కకి అర్థమేంటో మాకెవరికీ తెలీదు. ఊరికే ఊహించుకున్నాం, తప్పు మాదే. ఇప్పుడు నేనడుగుతా. అవునంటే ఒకటి పంపు, కాదంటే రెండు. ఎంతసేపైనా ఆగుతా."

ముందు సరిచూసుకోవాలి. "నేను నీ చెల్లెల్నేనా?" చాలాసేపటికి నా ఫోను ఒకసారి మోగింది. "నీకంటే పెద్దదాన్నా?" రెండుసార్లు.

నొప్పా? రెండు. ఏదైనా వస్తువు కావాలా? రెండు. ఎవరినైనా చూడాలా? రెండు. ఒక్కో దానికి వేలు వణికి, జారి, మళ్ళీ దారికొచ్చేది. నేను గోళ్ళు కొరుక్కున్నాను గానీ మధ్యలో మాట అందించలేదు.

"మమ్మల్ని ఏదైనా అడుగుతున్నావా?"

ఒకటి. వెంటనే.

"నీ గురించా?"

ఒకటి.

నాకు అర్థమైపోయింది. అయినా వాడి చేతే అనిపించాలి.

"తగ్గుతుందా అని అడుగుతున్నావా?"

ఒకటి.

గుమ్మంలో వదిన వద్దు వద్దని చేతులూపుతోంది. నాలుగు నెలలుగా మేమంతా కూడబలుక్కుని దాచిందే అది. తగ్గిపోతుందనడానికి నాకూ నోరు తెరుచుకుంది. కానీ అడిగిందేమిటో ఇంత కష్టపడి తేల్చుకున్నాక దానికి జవాబు ఎగ్గొట్టడం నా వల్ల కాలేదు.

"తగ్గదు అన్నయ్యా. వేలు కూడా ఆగిపోతుందట."

తర్వాత ఒక చుక్క వచ్చింది.

"ఇంకేమైనా అడగాలా?"

రెండు.

మర్నాడు చుక్క రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వేలు కదులుతూనే ఉంది, ఒళ్ళు తుడిచేటప్పుడు వదిన చూస్తోంది. నేను వెళ్ళి అడిగాను, బతిమాలాను, ఏడ్చాను. వేలు మీటకు వెంట్రుకవాసి దూరంలో ఉండి కూడా దాన్ని తాకలేదు.

"నీ జవాబు కోసమే ఇన్నాళ్ళూ వేలు ఆడించారు. చెప్పావుగా, ఇంకేం కావాలి నీకు?" అంది వదిన. కోపంగా కూడా అనలేదు. పక్క సర్దుతూ, నా వైపు చూడకుండా అంది.