కొండ ఊరా, రేవు ఊరా

మా అబ్బాయి పనిచేసే ఆఫీసు ఇక్కడ మూసేస్తున్నారు. రెండు ఊళ్లలో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి కొండ ఊరు, ఒకటి రేవు ఊరు. మరీ పెద్దవి కావు, మరీ చిన్నవీ కావు.

వారం నుంచి భోజనాల బల్ల దగ్గర అదే గోల. నేను ఓ పక్కన కూర్చుని విన్నాను. కొండ ఊళ్లో అద్దె తక్కువ. మా కోడలు టీచరు. అక్కడి బడివాళ్లు ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు, మనవరాలికి సగం ఫీజే తీసుకుంటామన్నారు. చల్లటి ఊరు. రేవు ఊళ్లో అద్దె ఎక్కువ, బడి దూరం, కోడలికి పని దొరుకుతుందో లేదో తెలియదు. పైగా ఉక్క. ఉక్కపోస్తే పాపకు ఒళ్లంతా చెమటకాయలు.

అయినా మావాడు రేవు ఊరే అంటాడు.

"ఎందుకురా?" అన్నాను.

"సముద్రం ఉంటుంది నాన్నా. పాపకు సరదా."

చిన్నప్పుడు వీణ్ని స్నానానికి పంపాలంటేనే ఇల్లంతా బతిమాలాలి. వీడికి సముద్రం కావాలట!

కోడలివైపు చూశాను. తుడిచిన పళ్లేన్నే మళ్లీ తుడుస్తోంది. చేతికొచ్చిన ఉద్యోగం పోతుంటే మొగుడితో దెబ్బలాడాలి కదా? ఆసుపత్రుల మాటెత్తితే "రెండు చోట్లా ఉన్నాయి లెండి మామయ్యగారూ" అని దాటేస్తుంది. కొండ ఊళ్లో మావాడు ఎవరికైనా మొహం చాటేస్తున్నాడేమోనని కూడా అనుకున్నాను.

నా కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు డయాలిసిస్. మర్నాడు సూది గుచ్చుతున్న నర్సమ్మను కదిలించాను.

"మావాడు నీ దగ్గరికొచ్చాడా?"

"మీకు చెప్పొద్దన్నారు తాతగారూ."

"సగం చెప్పేశావుగా. మిగతాదీ కానీ."

నవ్వి, చెప్పింది. నా రిపోర్టులు రెండు ఊళ్లకూ పంపించారట. కొండ ఊళ్లో మిషన్లున్నాయి గానీ ఖాళీ లేదు. పేరు రాయించుకుని ఎదురుచూడాలి. రేవు ఊళ్లో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటి పూట ఖాళీ ఉంది. మిషను ఖాయం చేసుకోకుండా ఊరు మారితే నా ప్రాణం మీదికొస్తుంది.

నాకెందుకు దాచారో తెలిసింది. నా మూలంగా ఎవరి బతుకైనా ఆగిందంటే ఈ సూదులు మానేస్తానని పోయినేడు అన్నాను. అన్నంత పనీ చేస్తానని వాళ్ల భయం.

"కొండ ఊళ్లో కూడా నా పేరు రాయించి ఉంచమ్మా, ఎప్పటికైనా ఖాళీ వస్తే అక్కడికే మారతాం" అన్నాను.

ఆ సాయంత్రం బల్ల దగ్గర నేనే కదిపాను.

"రేవు ఊరే ఖాయం చెయ్యి."

మావాడు నన్ను దొంగను చూసినట్టు చూశాడు. "ఎందుకు నాన్నా?"

"అద్దె తక్కువన్నావుగా."

"ఎక్కువన్నాను."

"నా చదువు మూడో క్లాసు. నాకేం తెలుసు?"

"నర్సు ఏమైనా చెప్పిందా మామయ్యగారూ?" అంది కోడలు మెల్లగా.

"సముద్రం బాగుంటుందంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి కోడలు లేచి, అలమరలో పాప చెమటకాయల పౌడరు ఎంత మిగిలిందో చూసి వచ్చింది.