గురువారం తెచ్చిన ఇంజను

మాలకొండయ్య గారి ఆయిలింజను సోమవారానికి బాగుచేసి ఇస్తానని మాటిచ్చాను. దర్శిలో మెకానిక్కులమందరం సోమవారమనే చెబుతాం, అదో పాడు అలవాటు. ఇంజను సిలిండరు లోపల అరిగిపోయిన లైనరుకు బదులు గుంటూరు నుంచి కొత్తది వచ్చి, అది బిగించేసరికి ఆ సోమవారం దాటి పద్దెనిమిది రోజులైంది.

ఇంజను ఆడిన రోజే కార్డు రాశాను.

"అయ్యా, చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయాను. తప్పు నాది, మన్నించాలి. లైనరు మార్చి, గంటసేపు ఆడించి చూశాను. మీరు బండి పంపనక్కర్లేదు. గురువారం పొద్దున నేనే తెచ్చి, బావి దగ్గర బిగించి, నీళ్ళు పారించి వెళతాను. మీరా హుస్సేన్."

ఒక్క సాకు కూడా రాయనందుకు నా మీద నాకే గౌరవం కలిగింది, సిగ్గులేకుండా.

గురువారం అన్నట్టే వెళ్ళాను. మిరపతోట నిలువునా ఎండిపోయింది. పూతంతా రాలి మొక్కల కింద పడుంది. మాలకొండయ్య గారు గట్టు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో నా కార్డు. తలెత్తి చూడలేక, ఇంజను బిగించి తిప్పాను. నీళ్ళు కాలువలోకి దూకాయి.

"కార్డు బాగా రాశావు సాయిబూ. ఇదే ముక్క, లేటయిద్దని, ఆ సోమవారం రాసుంటే మా తమ్ముడి ఎడ్లు తోలుకొచ్చి మోట కట్టి నీళ్ళు తోడుకునేవాణ్ణి. ఇయ్యాల వచ్చిద్ది, రేపు వచ్చిద్దని నీ ఇంజను కోసం దారి చూస్తా కూర్చున్నా."

"ఆపేయమంటారా అండీ?" అన్నాను.

"ఎందుకూ? పారనీయ్. నీళ్ళు పారించి పోతానని రాశావుగా."