పే నొక్కితే తిరుగుతానే ఉండాది

ఉదయ్ కుమార్ ఫోను బల్ల మీద పడేశాడు.

"మంగళారం ఇరవయ్యారు ఆర్డర్లు, నిన్న పద్నాలుగు. రోజుకు నలభై వచ్చే అంగడికి!"

ధర్మవరంలో అతనిది పట్టుచీరల దుకాణం. అమ్మకమంతా ఆన్‌లైన్‌లోనే. మగ్గానికి ఎక్కించే పట్టుదారం, పడుగు తీసుకుపోదామని పొద్దున్నే వచ్చిన ఓబన్న గడప దగ్గరే ఆగిపోయాడు. పన్నెండేళ్లుగా ఆ దుకాణానికే నేస్తున్నాడు.

"కొత్త రంగులు ఎవురికీ నచ్చలేదు ఓబన్నా. పదైదు దినాలు ఏ మగ్గానికీ పడుగు ఇయ్యను. మిగతావాళ్లకూ చెప్పు."

"రంగులు చెప్పిందెవురప్పా? నువ్వు. నేసిందే నా తప్పా?"

"తప్పెవురిదైతేనేమి, చీర అమ్ముడుపోవల్ల గదా."

మూలన కంప్యూటర్ ముందున్న సరళ లేచింది. ఆర్డర్లు, లెక్కలు చూసేది ఆమే. "అన్నా, ఒక గంట ఆగు. కారణం కనుక్కుంటా."

"కారణం కండ్ల ముందరే ఉండాది!" అని కసిరాడు ఉదయ్ కుమార్.

ఓబన్న వెనక్కి తిరిగాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. సరళకు ఒళ్లు మండింది. పదేళ్ల పిల్లకు కూడా చెప్పని తీరులో పెద్దమనిషికి చెప్పి పంపించాడు.

కూర్చుని మొదట లెక్క సరైనదేనా అని చూసింది. తెర మీద కనిపించే అంకె తప్పయితే అసలు ఆర్డర్ల జాబితాలో ఎక్కువ ఉండాలి. జాబితాలోనూ పద్నాలుగే. కొరియర్ మనిషికి ఇవ్వడానికి తీసిన చీటీలూ పద్నాలుగే.

"చూసినావా? లెక్క సరిగ్గానే ఉండాది. నేను చెప్తే వినవు," అన్నాడు ఉదయ్ కుమార్.

"ఆర్డర్లు రాలేదన్నది నిజమే. జనం వద్దనుకున్నారా, కొననీకుండా మనమే అడ్డం పడినామా అన్నది ఇంకా తేలలేదు."

పోయిన బుధవారం ఎంతమంది వచ్చి చీరలు చూశారో, ఈ బుధవారమూ అంతమందే చూశారు. బుట్టలో వేసుకున్నవాళ్లూ తగ్గలేదు. డబ్బు కట్టే పేజీ దాకా వచ్చినవాళ్లూ అరవై మందికి పైనే. వాళ్లలో అప్పుడు నలభై మంది కొంటే, ఇప్పుడు పద్నాలుగు మంది.

గంటల వారీగా విడదీసి చూసింది. మంగళవారం మధ్యాహ్నం మూడు దాకా రోజూలాగే ఉంది. మూడు దాటాక ఒక్కసారిగా పడిపోయింది. ఆ తర్వాత వచ్చినవన్నీ కార్డుతో కట్టినవో, చీర చేతికందాక డబ్బు ఇచ్చేవో. యూపీఐతో ఒక్కటి కూడా లేదు.

"రంగు నచ్చకపోతే చీర చూసేకాడనే తగ్గల్ల గదన్నా. బుట్టలో ఏసుకొని, అడ్రసు రాసి, ఆఖర్న అందరికీ ఒక్క గంటలో నచ్చకుండా పోతుందా?"

సరళ వెబ్‌సైటు చూసే బెంగళూరు కంపెనీకి ఫోన్ చేసింది. "మా వైపు అంతా బాగుందండీ. కార్డుతో టెస్ట్ చేశాం," అన్నాడు అక్కడి కుర్రాడు.

"కార్డుతో కాదు, యూపీఐతో చేయండి! ఫోన్‌లో!"

చూస్తామని పెట్టేశాడు. బుట్ట వదిలేసిన వాళ్ల నంబర్లలోంచి ఒకదానికి చేసింది. కళ్యాణదుర్గం టీచరు జ్యోతిలక్ష్మి ఎత్తింది.

"నాలుగు తూర్లు పే నొక్కినా తల్లీ. తిరుగుతానే ఉండాది. విసుగొచ్చి వదిలేసినా. మీకు అమ్మే ఇష్టం లేదేమో అనుకున్నా."

సరళ తన ఫోనులో యూపీఐతో ఒక జాకెట్టు గుడ్డ కొనబోయింది. పే నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వీడియో తీసి బెంగళూరుకు పంపింది. పది నిమిషాల్లో అటునుంచే ఫోన్ వచ్చింది. మంగళవారం మూడింటికి వాళ్లు చేసిన ఏదో మార్పుతో యూపీఐ ఆగిపోయిందట. పన్నెండున్నరకల్లా సరిచేశారు. సాయంత్రానికి గంట గంటకూ ఆర్డర్లు పోయిన గురువారంలాగే పడ్డాయి.

"నేను అనుకుంటానే ఉన్నా!" అని నవ్వాడు ఉదయ్ కుమార్. "ఓబన్నను పిలువు. పడుగు తీసుకుపొమ్మను."

సరళ ఓబన్న ఇంటికి వెళ్లింది. అతని భార్య లక్ష్మక్క వాకిట్లోనే అడ్డంగా నిలబడింది. లోపల మగ్గానికి అప్పటికే వేరే పడుగు ఎక్కుతోంది.

"మామా, తప్పు వెబ్‌సైటుది. మీ చీరలది కాదు."

"నాకు తెలుసు పాపా. ఆయప్పకే తెల్లేదు," అన్నాడు ఓబన్న తలెత్తకుండా. "ఇంగొకాయన దగ్గర ఒప్పుకొని వచ్చినా. గంట ఆగమని నువ్వు అంటివి గదా. గంట గూడ ఆగలేనోని కింద నేనెట్ల నేసేది?"

తిరిగొచ్చి ఆ మాటే చెప్పింది.

"ఎంత పొగరు!" అన్నాడు ఉదయ్ కుమార్. "రేపు ఇంకోసారి పోయి నచ్చచెప్పు."

"నేను పోను. రంగులు బాగలేవని అన్న నోరు నీది. నువ్వే పోయి ఆ మాట వాపసు తీసుకో. ఇంగ మీదట ఆర్డర్లు తగ్గితే ముందు నన్నడుగు. నేను చూసి చెప్పేదాకా ఏ మగ్గమూ ఆపకు. అట్లయితేనే ఈడ పనిచేస్తా."

ఉదయ్ కుమార్ సరేనని బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. ఓబన్న ఇంటికే వెళ్లాడు, రంగుల మాట వాపసు తీసుకున్నాడు కూడా. ఓబన్న విన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. మగ్గం మీది కొత్త పడుగు మాత్రం మార్చలేదు.