పెణం దించే వేడి

కశింకోట దాటాక ఎల్లారావు బెల్లం వండే పాకలో, వెడల్పాటి ఇనప పెణంలో చెరకు రసం సలసల కాగుతోంది. ఆ రసం వేడి మైనస్ నూట ఇరవై ఏడు డిగ్రీలని విద్యార్థులు తెచ్చిన యంత్రం చూపించింది.

ఎల్లారావు తెర వంక చూశాడు. పెణం వంక చూశాడు. చివరికి తన అక్క కూతురు దుర్గాలక్ష్మి వంక చూశాడు.

"ఒలే దుర్గా, మా పొయ్యి ఐసు ఫ్యాక్టరీకి ఇచ్చీమంతావేటి?"

ఆమె పెణం దగ్గరికి వెళ్లింది. రసంలోంచి సెన్సర్ పైకి తీసింది. ఇనప గొట్టం బాగానే ఉంది. దాని వెనక వైరుకున్న ప్లాస్టిక్ తొడుగు ఆవిరికి మెత్తబడి, పెణం అంచుకి తగిలి కరిగిపోయింది. సెన్సర్ నుంచి జవాబు రాకపోతే ఆ ప్రోగ్రాం చూపించే అంకె అది. వేడికి దానికి సంబంధమే లేదు. హాస్టల్ గదిలో పంచదార నీళ్లు కాచి పరీక్షించినప్పుడు గిన్నె చిన్నది, మంట చిన్నది, వైరు నిమ్మళంగా పక్కకి వేలాడింది. అసలు పెణం ఎంత వెడల్పుంటుందో ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

వాళ్లు ముగ్గురు. అనకాపల్లి పక్కనే ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఆఖరి ఏడు. ధనశ్రీ జట్టు నాయకురాలు. దుర్గాలక్ష్మి సెన్సర్లు చూస్తుంది. మోహిత్ ఫోన్ యాప్ రాస్తాడు. ప్రాజెక్టుకి ధనశ్రీ పెట్టిన పేరు 'స్మార్ట్ బెల్లం: ఆధునిక సాంకేతికతతో నాణ్యత పెంపు'. తొలి సమీక్షలో ఆ పేరు విని అందరూ తలూపారు. ఏ అర్థమైనా పట్టే పేరు కాబట్టి ఎవరూ కాదనలేదు.

గైడు చంద్రమౌళి ఆ రోజు కూడా వచ్చారు. పాక గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నారు.

మోహిత్ పరువు నిలబెడదామని ముందుకొచ్చాడు. తన యాప్ బెల్లాన్ని ఫొటో తీసి నాణ్యత చెబుతుందన్నాడు. పెణం మీద పెడితే ఆవిరికి కెమెరా మసకబారింది. అయితే తయారైన బెల్లం మీద చూపిస్తానని రెండు ముక్కలు అడిగాడు. ఎల్లారావు ఒక అమ్మకపు దిమ్మ నుంచి పసుపుపచ్చ ముక్క ఒకటి, ఇంటికని విడిగా వండుకున్న నల్లటి ముక్క ఒకటి తెచ్చాడు. యాప్ పచ్చటిదాన్ని ఉత్తమం అంది. నల్లటిదాన్ని నాసిరకం అంది.

పచ్చటిదాంట్లో హైడ్రాస్ వేశానని ఎల్లారావు దాపరికం లేకుండా చెప్పాడు. రసంలో ఆ పొడి చల్లితే రంగు తేలుతుంది. మార్కెట్లో రంగుకే ధర. ఇంట్లో పిల్లలు తినేదాంట్లో మాత్రం వెయ్యడట. తన పిల్లలకి పెట్టనిది ఊరికి అమ్ముతున్నందుకు అతనేమీ సిగ్గుపడలేదు. ఎక్కువ పొడి చల్లినదానికి ఎక్కువ మార్కులిచ్చే యాప్ రాసినందుకు మోహిత్ సిగ్గుపడాలి. అతను ఫోన్ తుడుచుకుంటున్నాడు.

చంద్రమౌళి కోప్పడలేదు. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, మిగతావాళ్లకి వినపడకుండా, నాణ్యత అంటే ఏమిటని అడిగారు. మోహిత్ రంగు అన్నాడు. దుర్గాలక్ష్మి పాకం ముదురు అంది. ధనశ్రీ రైతుకి లాభం అంది.

"మీరు ఏడాదంతా మూడు ప్రాజెక్టులు చేశారమ్మా," అన్నారాయన ధనశ్రీతో. "ఒకటీ పూర్తి కాలేదు. దీని మీద నేను సంతకం పెట్టను."

గైడు సంతకం లేని రిపోర్టు కాలేజీ తీసుకోదు. రిపోర్టు ఇవ్వకపోతే ధనశ్రీ డిగ్రీ ఈ ఏడు చేతికి రాదు. ఆ డిగ్రీ చూపిస్తేనే చేరమన్న ఉద్యోగం అచ్యుతాపురంలో ఉంది. అది ఏడాది ఆగదు. పైగా చెరకు అయిపోవస్తోంది. ఇంకొన్ని పెణాలు వండి పొయ్యి ఆర్పేస్తానని ఎల్లారావు ముందే చెప్పాడు.

తిరిగొచ్చే షేర్ ఆటోలో మోహిత్ తప్పంతా వైరు మీదకి నెట్టాడు. దుర్గాలక్ష్మి యాప్ మీదకి నెట్టింది. పక్కన కూర్చున్న చేపల బుట్ట ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ధనశ్రీ ఆ గొడవ వినడం లేదు. ఆమెకి వేరే సంగతి గుర్తొస్తోంది. వైరు చెడకముందు తెర మీది అంకె నూటొకటి దగ్గర చాలాసేపు కదలకుండా ఉంది. కింద పిప్పి ఎగదోస్తున్నారు, మంట పెణం అంచు దాకా లేస్తోంది, అయినా అంకె లేవలేదు. తర్వాత ఉన్నట్టుండి పరుగెత్తింది. అప్పుడే వైరు పోయింది.

"అంత మంట ఉన్నా అంకె ఎందుకు లేవలేదే?" అని అడిగింది.

దుర్గాలక్ష్మి గొడవ ఆపి ఆలోచించింది. రసంలో నీళ్లున్నంతసేపు వేడంతా ఆ నీళ్లని ఆవిరి చెయ్యడానికే పోతుందని చెప్పింది. నీళ్లు తగ్గి పాకం చిక్కబడేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. మొదట్లో నెమ్మదిగా, ఆఖర్లో గబగబా.

"అయితే ఆఖర్న మీ మావయ్య ఎంత దగ్గర దించుతాడు?" అంది ధనశ్రీ.

"నూట పదిహేడు, పద్దెనిమిది అని పుస్తకాల్లో ఉంది."

"మావయ్య పుస్తకం సదివి దించుతాడేటి? పాకం సుక్క నీళ్లలో ఏసి ఏళ్లతో నలిపి సూత్తాడు. అలా దించింది పెతీసారీ ఒకే వేడి దగ్గర ఉంటదా?"

దుర్గాలక్ష్మికి తెలియదు. మోహిత్‌కి తెలియదు. పుస్తకంలో ఎల్లారావు లేడు. ఏడాదిలో మొదటిసారి ఆ ముగ్గురికీ ఒకే విషయం తెలియకుండా పోయింది.

మర్నాడు ధనశ్రీ పాత పేరు కొట్టేసింది. స్మార్ట్ పోయింది, నాణ్యత పోయింది, పెంపు పోయింది. ఒక్క ప్రశ్న మిగిల్చింది: పెణం దించేటప్పుడు పాకం వేడి ఎంత, అది పెణం పెణానికీ మారుతుందా? ఈ ప్రశ్నకి పనికిరానిది ఏదైనా తీసేద్దామంది. అంటే యాప్ మొత్తం.

మోహిత్ ఒప్పుకోలేదు. తన బయోడేటాలో పైన రాసుకున్నది ఆ యాపే అన్నాడు.

"రాసుకో. రిపోర్టులో మాత్రం ఉండదు," అంది ధనశ్రీ.

"మరి నాకేటి పని? మీకు గొడుగు పట్టుకోనా?"

అతనికి పని ఉంది. తెర మీది అంకె ఎల్లారావుకి కనిపిస్తే అతను వేళ్లని నమ్మడం మానేసి అంకెని చూసి దించుతాడు. అప్పుడు వాళ్లు కొలిచేది అతని చేతిని కాదు, వాళ్ల తెరనే. కాబట్టి తెర మీద అట్టముక్క కప్పాలి. ఎల్లారావు దించమనగానే ఒకరు మీట నొక్కాలి. అప్పటి వేడి మెమరీ కార్డులో పడుతుంది. ఆ నొక్కేవాడికి కూడా అంకె కనిపించకూడదు. మోహిత్ మొహం ముడుచుకునే సరేనన్నాడు.

దుర్గాలక్ష్మి మెకానికల్ ల్యాబ్‌లో బతిమాలి, ఎక్కువ వేడిని కొలిచే థర్మోకపుల్ తెచ్చింది. స్టీలు గొట్టం, దాని వెనక వేడికి ఆగే గాజునార తొడుగు. ఈసారి పంచదార నీళ్లు కాచలేదు. ఐసు నీళ్లలో పెట్టి, మరిగే నీళ్లలో పెట్టి, ఎంత తేడా చూపిస్తోందో రాసుకుంది. పెణం నడిమధ్య ఒక వేడి, అంచున ఒక వేడి ఉంటుంది కాబట్టి, ప్రతిసారీ ఒకే చోట, ఒకే లోతున మునిగేలా పెణం మీద అడ్డంగా పెట్టిన కమ్మీకి బిగించింది.

పొయ్యి ఆరేదాకా రోజూ వెళ్లారు. ఎల్లారావు మొదట్లో వేళాకోళం చేశాడు. తర్వాత అతనికే ఆత్రం పట్టుకుంది. పెణం దించి తొట్టిలో పోయగానే పరుగున వచ్చి అట్ట ఎత్తమనేవాడు. చెరకు అయ్యేదాకా చెప్పేది లేదని ధనశ్రీ తేల్చేసింది. మేనకోడలితో సిఫారసు చేయించినా లొంగలేదు.

ఆఖరి పెణం దిగాక కార్డు తీసి చూశారు. అన్నీ నూట పదహారుకీ నూట పద్దెనిమిదికీ మధ్యన ఉన్నాయి. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి నూట పన్నెండు దగ్గరే దిగిపోయింది. ఆ దిమ్మలు ఇంకా పాకలోనే ఉన్నాయి. నొక్కితే వేలు దిగుతోంది.

ఎల్లారావు ముందు యంత్రాన్ని అనుమానించాడు. దుర్గాలక్ష్మి మళ్లీ నీళ్లు మరిగించి చూపించింది. యంత్రం సరిగానే ఉంది.

"ఆ రోజు ఏటి సేసేవు మావయ్యా?" అని ధనశ్రీ అడిగింది.

అతను చాలాసేపు గుర్తు తెచ్చుకున్నాడు. ట్రాక్టరు దొరక్క ఆ చెరకు నరికాక రెండ్రోజులు పొలంలోనే పడుంది. రసం కాగుతుంటేనే నలుపు తిరుగుతున్నట్టు అనిపించింది.

"రంగు పోతాదని బయవేసి దించీసేను," అన్నాడు. "ఏల్లతో సూసేను గాని, సూసింది నమ్మలేదు."

మోహిత్ కళ్లు మెరిశాయి. నిలవ చెరకు వల్లే బెల్లం మెత్తబడుతుందని కనిపెట్టామని రాసేద్దామన్నాడు. బొమ్మ గీద్దాం, రైతులకి సలహా ఇద్దాం, ఎంతో గొప్పగా ఉంటుంది. దుర్గాలక్ష్మి కూడా మెత్తబడింది. నిలవ చెరకులో చక్కెర విరుగుతుందని, బెల్లం గట్టిపడదని పుస్తకాల్లోనూ ఉందంది.

ధనశ్రీకి ఆశ లేకపోలేదు. అలా రాస్తే సంతకం ఖాయమనిపించింది. రిపోర్టు ఇవ్వాల్సింది ఎల్లుండి. కానీ ప్రశ్న ఆమెని వదల్లేదు. ఆ దిమ్మ మెత్తబడింది చెరకు నిలవుండడం వల్లా, ముందే దించడం వల్లా? ఉన్నది ఒక్క పెణం. రెండూ దాంట్లోనే కలిసిపోయాయి. నిలవ చెరకునే నూట పదిహేడు దాకా కాస్తే తెలుస్తుంది. తాజా చెరకుని నూట పన్నెండు దగ్గర దించితే తెలుస్తుంది. ఇప్పుడు చెరకు లేదు, పొయ్యి లేదు.

"తెలీదని రాద్దాం," అంది.

"తెలీదని రాత్తే సున్నా ఏత్తారు," అన్నాడు మోహిత్. "నీ పేరే ముందుంటది. నువ్వే పోతావు."

"తెలిసినట్టు రాసిందానికి సారు సంతకం పెట్టనన్నాడు కదా. మర్చిపోయేవేటి?"

మోహిత్ ఆ రెండ్రోజులూ ఆమెతో మాట్లాడలేదు. బొమ్మలన్నీ మాత్రం అతనే శుభ్రంగా గీసిచ్చాడు.

చంద్రమౌళి తన గదిలో కూర్చుని రిపోర్టు చదివారు. ధనశ్రీ ఎదురుగా నిలబడింది. పాత దానిలో మూడోవంతు కూడా లేదు. కొన్నిచోట్ల ఆగి మళ్లీ వెనక్కి తిప్పారు. ముందుమాటలో 'దీనివల్ల బెల్లం రైతుల జీవితాలు మారతాయి' అన్న వాక్యం ఒకటి పాతదాంట్లోంచి మిగిలిపోయింది. ఆయన దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు.

"నూట పన్నెండు పెణం. ఎందుకైందమ్మా?"

"తెలీదు సార్. రెండు కారణాలు ఉండొచ్చు. విడదీయడానికి చెరకు లేదు."

"ఉంటే ఎలా విడదీస్తావు?"

ఆమె చెప్పింది. ఒకే చెరకుని రెండు వాటాలు చేసి ఒకటి తాజాగా, ఒకటి నిలవపెట్టి వండాలని, ప్రతి వాటాలోనూ ఒక పెణం త్వరగా, ఒకటి వేళకి దించాలని. చెబుతుంటే మధ్యలో ఆయన కాగితం తీసుకుని గళ్లు గీశారు. దించే వేళ వేళ్లతో చూసేది ఎల్లారావు ఒక్కడేనా, ఇంకొకరిచేత కూడా చూపించాలా అని ఆయనే అడిగారు. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. ఇద్దరైతే వేళ్లకీ వేళ్లకీ తేడా తెలుస్తుందంది. ఇంకో గడి గీశారు. బయట గంట కొట్టారు. ఆయన లేవలేదు.

కాసేపటికి ఆయనకి రిపోర్టు గుర్తొచ్చింది. సర్టిఫికెట్ పేజీ తిప్పి సంతకం పెట్టారు. ముగ్గురి పేర్లూ సరిచూసుకోమని ఇచ్చేశారు.

"మార్కులు తక్కువే వస్తాయి," అన్నారు. "ఏడాదిలో చెయ్యాల్సింది ఆఖర్న చేశారు."

ధనశ్రీ సరేనంది. రిపోర్టు ఆఫీసులో ఇచ్చి బయటికొచ్చాక, గళ్ల కాగితం ఆయన బల్ల మీదే ఉండిపోయిందని గుర్తొచ్చి, దాన్ని అడిగి తెచ్చుకోవడానికి మళ్లీ మెట్లెక్కింది.