మలుపు మలుపుకీ ఆగే మనిషి

ఆ లైబ్రరీలో గట్టిగా మాట్లాడేవాళ్లు ఇద్దరే. వాళ్లని ఆపడం లైబ్రేరియన్ గారి తరం కాలేదు.

ఒకావిడ నాలుగో అంతస్తులో కూర్చుని చిరిగిన పుస్తకాలకి కుట్లు వేసి కొత్త అట్టలు కడుతుంది. అందరూ అట్టలక్కయ్య అంటారు. యాభై మూడేళ్లు, భర్త పోయి నాలుగేళ్లు. రెండో ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆయనకి యాభై ఎనిమిది, భార్య పోయి మూడేళ్లు. ఆ లిఫ్టుని నెలకోసారి చూస్తే చాలు. ఈయన ఈ మధ్య వారం వారం వస్తున్నాడు. దాని ఆరోగ్యం మీద అంత బెంగ ఎందుకో తెలియనంత అమాయకులు అక్కడెవరూ లేరు.

పోయిన శుక్రవారం క్యాంటీన్లో ఆయన టీ గ్లాసు పక్కకి జరిపి, పెళ్లి చేసుకుందామా అని అడిగాడు. మా అబ్బాయికి చెప్పేశాను, వాడు సంతోషించాడు అన్నాడు. మా ఆవిడ ఫోటో మాత్రం గోడ మీదే ఉంటుంది, పక్కన మీ ఆయనది కూడా పెట్టుకుందాం అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె సగం ఒప్పేసుకుంది. మిగతా సగానికి వారం గడువు అడిగింది.

ఆ మిగతా సగం ఏమిటంటే, ఆయన ఆరోగ్యం. తనతో మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ రెయిలింగు పట్టుకుని ఆగుతాడు. కాసేపు నిలబడితే గానీ కదలడు. గుండె జబ్బే అయ్యుంటుంది. పైగా చెవుడు కూడా, కాకపోతే ఎదురుగా ఉన్న మనిషితో అలా అరుస్తూ మాట్లాడటం ఎందుకు?

పెళ్లి మాట కూతురికి చెబితే ముందు పడీ పడీ నవ్వింది. జబ్బుల సంగతి విన్నాక గొంతు తగ్గించింది. "నాన్నకి ఆరేళ్లు సేవ చేశావమ్మా. మళ్లీ మంచం పక్కన కుర్చీ వేసుకుంటావా?"

ఆరేళ్లంటే మాటలా? మందులు, పక్క దుప్పట్లు మార్చడం, కునుకు తీయని రాత్రులు. ఇంకోసారి తన వల్ల కాదు. గడువు తీరే శుక్రవారం పొద్దున జిగురు కలుపుతూ, కాదని చెప్పేద్దామని గట్టిగా అనుకుంది. అనుకున్నాక ఏడుపొచ్చింది. ఆ రోజు కట్టిన మొదటి అట్ట తలకిందులుగా అతికింది.

సరిగ్గా అప్పుడే లిఫ్టు ఆగిపోయింది, అదీ లైబ్రేరియన్ గారిని లోపల పెట్టుకుని. అట్టలక్కయ్య మెట్ల దగ్గరికి పరుగెత్తి కిందికి తొంగి చూసింది. మెకానిక్కు వస్తున్నాడు. రెండేసి మెట్లు ఒక్క అంగలో. ఒక్క మలుపులోనూ ఆగలేదు. ఆమె పక్కనుంచే దూసుకుపోయి, పైనున్న లిఫ్టు మోటారు గదిలో కరెంటు ఆపి, బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పి లిఫ్టుని నాలుగో అంతస్తుకి సమంగా తెచ్చాడు. తలుపు తీసే తాళంచెవితో దిగి వచ్చాడు. ఆయాసమన్నదే లేదు.

ఆమెకి ఒళ్లు మండింది. "మీకు గుండె జబ్బు కదా?" అని నిలదీసింది.

"నాకా? ఎవరన్నారు?"

"మరి మలుపు మలుపుకీ ఆగుతారేం?"

ఆయన మెట్ల వైపు తిరిగి చూశాడు. అలా ఆగుతున్నట్టు ఆయనకే తెలియదు. "మా ఆవిడవి మోకాళ్ల నొప్పులండీ," అన్నాడు చివరికి. "ప్రతి మలుపులో ఐదు దాకా లెక్కపెట్టి మళ్లీ ఎక్కేవాళ్లం. పదకొండేళ్లు. పక్కన ఆడమనిషి నడుస్తుంటే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయేమో." తర్వాత మొహమాటంగా అడిగాడు. "మీ చెవుల సంగతి డాక్టరుకి చూపించారా? నాకేం ఇబ్బంది లేదు, గట్టిగానే మాట్లాడతాను."

"నా చెవులకేం? మీకే కదా వినపడదు?"

అన్నాక ఆమెకి వెలిగింది. అచ్చు ప్రెస్సులో పనిచేసిన భర్తకి ఆ మెషీన్ల హోరుకి ఎడమ చెవి పోయింది. పాతికేళ్లు ఆయన కుడి పక్కనే నడిచి, అరిచి మాట్లాడింది. ఇప్పుడూ అదే చేస్తోంది. ఈయనేమో ఆమెకి చెవుడనుకుని ఎదురు అరుస్తున్నాడు. ఇద్దరూ పోయినవాళ్ల జబ్బులకి సేవ చేస్తూ, వాటిని ఒకరికొకరు అంటగట్టుకున్నారు. ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"రేపు నిజంగానే ఏదైనా జబ్బొస్తే?" అంది, ఇంకా లోపల ఉన్న భయం బయటపెట్టి.

"వస్తుంది. ఎవరికి ముందో తెలీదు. మా వాడు, మీ అమ్మాయి, ఓ నర్సు, అందరూ తలో చెయ్యి వేయాలని ఇప్పుడే చెప్పి ఉంచుదాం. ఈసారి మీరొక్కరే కూర్చోరు."

ఆ మాట ఆమెకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చుట్టూ తిరిగి ఆయన ఎడమ పక్కకి వెళ్లింది. ఇన్నేళ్లలో మొదటిసారి గొంతు తగ్గించి, చెవి దగ్గర ఒక్క మాట చెప్పింది.

ఆయన చేతిలో తాళంచెవి ఇంకా అలాగే ఉంది. లిఫ్టు తలుపు వెనకనుంచి లైబ్రేరియన్ గారి గొంతు వినిపించింది.

"కాస్త గట్టిగా చెప్పమ్మా. ఇక్కడికి వినపడలేదు."